డ్రైవరు లేని కారు ప్రాణం తీస్తే బాధ్యత ఎవరిది?

నేను హోసూరులో న్యాయవాదిని. రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులే ఎక్కువగా చూస్తుంటాను. మొన్న పండక్కి వచ్చిన మా అక్క కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. వాడు నన్నొక ప్రశ్న అడిగాడు: "మామా, తనంతట తానే నడిచే కారు ఎవరినైనా గుద్ది చంపితే కేసు ఎవరి మీద పెడతావు?" నేను నోరు తెరిచేలోగా "సాఫ్ట్‌వేరు రాసినవాళ్ళ మీదే కదా" అని జవాబు కూడా వాడే చెప్పేశాడు. అది అంత తేలిక కాదని చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక కేసును వాడికి వివరించాను. దాన్నే ఇక్కడ విద్యార్థుల కోసం రాస్తున్నాను.

ఆ 5.6 సెకన్లలో ఏం జరిగింది?

2018 మార్చి 18 రాత్రి పది గంటల ప్రాంతం. అరిజోనా రాష్ట్రంలోని టెంపీ పట్టణంలో 49 ఏళ్ళ స్త్రీ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. అక్కడ పాదచారులు దాటే గీతలు లేవు. ఉబర్ సంస్థ పరీక్ష కోసం తిప్పుతున్న వోల్వో కారు ఆమెను గుద్దింది. ఆమె చనిపోయింది. స్టీరింగు ముందు ఒక ఉద్యోగిని కూర్చుని ఉన్నా, ఆ సమయంలో కారును నడుపుతున్నది సాఫ్ట్‌వేరే.

కారు ఆమెను చూడలేదా అంటే, చూసింది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే రాడార్ ఆమెను పసిగట్టింది. అప్పటికి కారు సుమారు వంద మీటర్ల దూరంలో ఉంది. ఆగడానికి అది చాలు. అయితే సాఫ్ట్‌వేరు ఆమెను మొదట వాహనం అనుకుంది, తర్వాత ఏదో వస్తువు అనుకుంది, ఆ తర్వాత సైకిలు అనుకుంది. అభిప్రాయం మారిన ప్రతిసారీ, ఆమె అంతవరకు ఎటు కదిలిందన్న లెక్కను పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. అందుకే ఆమె కారు దారిలోకే వస్తోందని దానికి అర్థం కాలేదు. గీతలు లేని చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఆలోచన ఆ సాఫ్ట్‌వేరులో లేనేలేదు.

ఇక 1.2 సెకన్లు మిగిలి ఉండగా ప్రమాదం తప్పదని దానికి తెలిసింది. అప్పుడైనా బ్రేకు వేయలేదు. ఉత్తుత్తి అనుమానాలకు కారు పదేపదే గట్టిగా ఆగిపోకుండా, ఒక సెకను ఆగి చూడమని సంస్థ దాన్ని అలా తయారుచేసింది. వోల్వోకు సొంతంగా ఉన్న అత్యవసర బ్రేకు వ్యవస్థ కూడా, ఉబర్ సాఫ్ట్‌వేరు కారు నడుపుతున్నంతసేపూ పనిచేయకుండా ఆపివేసి ఉంది. హెచ్చరిక మోగేసరికి 0.2 సెకను మాత్రమే మిగిలింది.

మరి ఆ ఉద్యోగిని? ఆమె ఫోనులో ఒక టీవీ కార్యక్రమం నడుస్తోందని, ఆమె చూపు రోడ్డు మీద కాక కిందికి ఉందని దర్యాప్తులో తేలింది. అంతకు కొన్ని నెలల ముందు వరకు అలాంటి కారులో ఇద్దరు ఉద్యోగులు ఉండేవారు. సంస్థ ఒకరిని తగ్గించింది.

ఎవరికి ఏమైంది?

"బాధ్యత" అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయని ఇక్కడ గమనించాలి. డబ్బు ఎవరు కట్టాలి? శిక్ష ఎవరికి పడాలి? లోపం ఎవరు సరిదిద్దాలి?

డబ్బు విషయం త్వరగా ముగిసింది. కొద్ది రోజుల్లోనే సంస్థ మృతురాలి కుటుంబంతో రాజీ చేసుకుంది. రాజీ కుదిరింది కనుక, తప్పు సాఫ్ట్‌వేరుదా మనిషిదా అని తేల్చే సివిల్ తీర్పు రాలేదు.

శిక్ష విషయంలో, సంస్థ మీద క్రిమినల్ కేసుకు ఆధారం లేదని 2019 మార్చిలో ప్రాసిక్యూటరు ప్రకటించారు. 2020లో ఆ ఉద్యోగిని మీద మాత్రం అభియోగం మోపారు. 2023లో ఆమె తక్కువ స్థాయి నేరాన్ని ఒప్పుకోవడంతో, జైలు లేకుండా మూడేళ్ళ ప్రొబేషన్ విధించారు.

మూడో ప్రశ్నకు జవాబు జాతీయ రవాణా భద్రతా మండలి 2019 నవంబరులో ఇచ్చింది. ఆ మండలి ఎవరినీ శిక్షించదు, కారణాలు మాత్రమే చెబుతుంది. ఉద్యోగిని రోడ్డును గమనించకపోవడమే ప్రధాన కారణమంది. దానికి తోడు సంస్థ భద్రతా లోపాలు, ఉద్యోగులపై సరైన పర్యవేక్షణ లేకపోవడం, గీతలు లేని చోట దాటడం, రాష్ట్ర ప్రభుత్వం తగినంతగా పట్టించుకోకపోవడం కూడా కారణాలేనంది.

అంటే మండలి చూపిన కారణాలు చాలా ఉన్నా, కోర్టు మెట్లు ఎక్కింది ఒక్క మనిషే. గంటల తరబడి ఏ పనీ లేకుండా కూర్చుని, ఒక్క క్షణంలో మేలుకొమ్మంటే ఎవరికైనా కష్టమే. ఆ సంగతి తెలిసి కూడా రెండో మనిషిని తీసేసిన నిర్ణయం గదిలో కూర్చున్నవాళ్ళు తీసుకున్నది. ఆమె తప్పు చేయలేదని నేను అనను. ఆ తప్పు ఆమె ఒక్కతిది కాదని మాత్రం అంటాను.

మన దగ్గర జరిగితే?

మన మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను ప్రకారం, రోడ్డు ప్రమాదంలో మనిషి చనిపోతే తప్పు ఎవరిదని రుజువు చేయకుండానే 5 లక్షల రూపాయలు అడగవచ్చు. బండి యజమాని గానీ ఇన్సూరెన్సు కంపెనీ గానీ ఇవ్వాలి. డ్రైవరు ఉన్నా లేకున్నా ఇంతవరకు చిక్కు లేదు.

సంపాదించే మనిషి పోయిన ఇంటికి 5 లక్షలు ఏ మూలకు? అంతకంటే ఎక్కువ కావాలంటే 166వ సెక్షను కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. అక్కడ డ్రైవరు నిర్లక్ష్యం చూపించాలి. డ్రైవరే లేని కారులో నిర్లక్ష్యం ఎవరిదని చూపిస్తాం? లోపమున్న వస్తువు తయారుచేసిన కంపెనీని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అడగవచ్చు. కానీ అది కొనుక్కున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం. ఆ కారును కొననూ లేదు, ఎక్కనూ లేదు, రోడ్డు పక్కన నడిచిపోతున్న మనిషికి ఆ దారి సులువు కాదు.

బ్రిటన్‌లో దీనికి ఒక పద్ధతి ఆలోచించారు. 2018లో చేసిన చట్టం ప్రకారం, కారు తనంతట తాను నడుస్తుండగా ప్రమాదం జరిగితే ముందు ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు చెల్లిస్తుంది, తర్వాత తయారీదారు నుంచి రాబట్టుకుంటుంది. 2024 చట్టం, కారు నడిచిన తీరుకు లోపల కూర్చున్నవారిని శిక్షించకుండా రక్షణ ఇచ్చి, ఆ బాధ్యతను అనుమతి పొందిన సంస్థ మీద పెట్టింది. కంపెనీతో పోరాడే భారం కుటుంబం మీద పడకపోవడం ఇందులోని మేలు.

మా మేనల్లుడికి చివరకు చెప్పింది ఇదే. కేసు చేతికి వస్తే ముందు కారులో నమోదైన వివరాలు అడుగుతాను. ఏ క్షణాన కారు ఏం చూసింది, ఏం అనుకుంది, ఎందుకు ఆగలేదు అన్నది ఆ లెక్కలోనే ఉంటుంది. అది కంపెనీ చేతిలో ఉంటుంది కనుక, దాన్ని భద్రపరచమని కోర్టును మొదటి రోజే కోరాలి. టెంపీలో ఆ 5.6 సెకన్లు బయటపడకపోతే, సాఫ్ట్‌వేరు కథ ఎవరికీ తెలిసేది కాదు.

ఆలోచించండి

1. గుద్దడానికి ముందు ఒక సెకను ఆగమన్న నిర్ణయాన్ని సాఫ్ట్‌వేరు లోపం అనాలా, సంస్థ నిర్ణయం అనాలా?

2. అదే కారులో రెండో ఉద్యోగి ఉండి, అతనూ రోడ్డు చూడకపోతే, ఉబర్ బాధ్యత తగ్గేదా? మీ కారణాలు రాయండి.