హామీ చెడకుండా, తెలుగు చెడకుండా: సింగపూర్ ప్రకటనల అనువాదంలో నేర్చుకున్న అయిదు పాఠాలు

సింగపూర్ అధికార భాషలు నాలుగింటిలో భారతీయ భాష తమిళం ఒక్కటే. తెలుగులో వచ్చే ప్రకటనలు తక్కువ. చూసి నేర్చుకునేందుకు నమూనాలూ తక్కువే. ఈ పని కొత్తగా చేపట్టే పిల్లల కోసం ఒక్క క్యాప్షన్‌ను తీసుకుని చెబుతాను. ఊరికి డబ్బు పంపే యాప్ ఒకటి ఇలా రాసి ఇచ్చిందనుకుందాం: “సెండ్ మోర్ హోమ్! జీరో ఫీ ఆన్ యువర్ ఫస్ట్ ట్రాన్స్‌ఫర్. పే విత్ PayNow, మనీ రీచెస్ దెయిర్ UPI ID ఇన్ మినిట్స్. టీ అండ్ సీస్ అప్లై.”

1. ముందు హామీని విడదీయండి

కలం పట్టకముందే ఈ క్యాప్షన్ ఇస్తున్న హామీలు కాగితం మీద రాసుకోండి. మొదటిసారి పంపితే ఫీజు ఉండదు. డబ్బు నిమిషాల్లో చేరుతుంది. షరతులు ఉన్నాయి. అంతే. “సెండ్ మోర్ హోమ్” హామీ కాదు, ఉత్సాహం. తెలుగులో హామీ వెంట్రుకవాసి కూడా పెరగకూడదు, తరగకూడదు. ఉత్సాహాన్ని మాత్రం మన పద్ధతిలో కొత్తగా కట్టుకోవచ్చు.

ఈ పాఠం మరిస్తే “జీరో ఫీ” కాస్తా “పూర్తిగా ఉచితం” అయిపోతుంది. ఫీజు తీసుకోకపోయినా, డాలర్లను రూపాయల్లోకి మార్చే రేటులో కంపెనీ కొంత మిగుల్చుకోవచ్చు. అప్పుడు “ఉచితం” అబద్ధమవుతుంది, “ఫీజు లేదు” మాత్రం నిజమే. అలాగే “నిమిషాల్లో” అన్నదాన్ని “క్షణాల్లో” అని రాస్తే, కంపెనీ ఇవ్వని మాటను మనం ఇచ్చినట్టే.

2. చదివేవాడి చెవితో వినండి

“ఇంటికి ఎక్కువ పంపండి” అన్నది మాటకు మాట సరిపోతుంది. కానీ నెల జీతంలో తన తిండికి, ఫోనుకు ఉంచుకుని మిగతాది పంపే కార్మికుడికి అది ఆజ్ఞలా, కాస్త నొప్పిగా వినిపిస్తుంది. ఇంగ్లిష్ ఉద్దేశం అది కాదు. ఫీజు మిగిలింది కనుక ఆ కాస్తా ఇంటికి చేరుతుందని. అందుకే ఫీజు మాట ముందు చెప్పి, ఉత్సాహాన్ని వెనక పెట్టాలి: “మొదటిసారి పంపితే ఫీజు లేదు. ఆ డబ్బూ ఇంటికే!” వరుస తిరగబడింది, హామీ అలాగే ఉంది, ఉషారూ పోలేదు.

3. తెర మీద కనిపించే పేరును ముట్టుకోవద్దు

2023 ఫిబ్రవరి 21న సింగపూర్ PayNow, మన UPI అనుసంధానమయ్యాయి. ఈ రెండు పేర్లూ ఇక్కడి తెలుగువాళ్లు ఫోనులో చూసేవే. ఫోనులో ఏ అక్షరాల్లో కనబడితే క్యాప్షన్‌లోనూ అవే ఉండాలి. లేకపోతే మీట వెతుక్కునేటప్పుడు మనిషి తడబడతాడు. విభక్తిని పేరుకు అతికించే కంటే “PayNow ద్వారా” అని విడిగా రాస్తే చదవడం సులువు.

తెర మీద పేరు కాని మాటలకు జనం వాడే తెలుగు వెయ్యండి. “ట్రాన్స్‌ఫర్”కు “బదిలీ” అంటే ఉద్యోగి బదిలీయో, ప్రభుత్వ నగదు బదిలీ పథకమో గుర్తొస్తుంది. “డబ్బు పంపడం” చాలు. “టీ అండ్ సీస్”కు “షరతులు వర్తిస్తాయి” ఎప్పుడో స్థిరపడింది.

4. చనువు క్రియలో చూపండి

బ్రాండు స్నేహంగా మాట్లాడుతుంది కదా అని “నువ్వు” అనకండి. చదివేవాళ్లలో పెద్దవాళ్లు ఉంటారు. “మీరు” ఉంచి, క్రియను పొట్టిగా చెయ్యండి: “పంపవలసిందిగా కోరుతున్నాము” కాదు, “పంపండి”. ప్రతి “యువర్”కూ “మీ” పెట్టకండి. “మీ మొదటి ట్రాన్స్‌ఫర్‌పై” అన్నచోట “మొదటిసారి పంపితే” అంటే సరి. శ్రీకాకుళం మనిషి, కరీంనగర్ మనిషి ఇద్దరూ తమదే అనుకునే మాటలు ఎంచుకోండి.

5. బొమ్మలో పెట్టాక మళ్లీ చదవండి

ఇక్కడి డిజైనర్లకు తమిళం అలవాటు. కానీ తెలుగు ఒత్తులు అక్షరం కిందికి దిగుతాయి కనుక, వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఎడం చాలకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపుల అమరిక పెట్టకపోతే ఒత్తులు విడిపోయి, “డబ్బు” కాస్తా “డబ్‌బు” అవుతుంది. తెలుగు రానివాళ్లకు ఈ తప్పు కనబడదు. కాబట్టి ఆఖరి బొమ్మను మీరే చూడాలి. కంపెనీకి తెలుగు పాఠంతో పాటు, ప్రతి వాక్యం ఏమంటోందో ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు రాసి ఇవ్వండి. వాక్యాల వరుస ఎందుకు మార్చారో అక్కడే చెప్పండి.

ఇన్ని చూసుకున్నాక ఆ క్యాప్షన్ ఇలా వస్తుంది:

“మొదటిసారి పంపితే ఫీజు లేదు. ఆ డబ్బూ ఇంటికే! PayNow ద్వారా కట్టండి, ఇంట్లోవాళ్ల UPI ID ఇవ్వండి. నిమిషాల్లో డబ్బు చేరుతుంది. షరతులు వర్తిస్తాయి.”

దీన్ని మొదట రాసుకున్న హామీల కాగితం పక్కన పెట్టి, ఒక్కొక్కటే టిక్కు పెట్టుకోండి. మూడూ ఉండి, నాలుగోది చేరకపోతే పంపేయవచ్చు.