మణిపురి పాఠాలు ఏ లిపిలో? తరచూ అడిగే ప్రశ్నలు

విశాఖ కూర్మన్నపాలెంలో ఉంటున్న మణిపురి కుటుంబం తమ బిడ్డకు బడిలో మాతృభాష చెప్పమని అడగొచ్చా?

అడగొచ్చు. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయడానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ చెబుతోంది. కానీ టీచరును వేయాలంటే తరగతిలో 10 మందో, బడి మొత్తంలో 40 మందో ఆ భాష పిల్లలు ఉండాలని 1949 నాటి విద్యామంత్రుల సమావేశం కొలత పెట్టింది. ఒకటి రెండు కుటుంబాలతో ఆ లెక్క తేలదు.

లిపిని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకు ఉందా?

పుస్తకం విషయంలో లేదు. తమ లిపిని కాపాడుకునే హక్కును 29(1) అధికరణం ఇస్తుంది గానీ, 350ఎలో లిపి ఊసే లేదు. 1992లో ఎనిమిదో షెడ్యూలులో చేరింది కూడా మణిపురి భాషే, లిపి కాదు. అందుకే నిర్ణయం రాష్ట్రం చేతిలో ఉంటుంది. మణిపూర్ 1979 చట్టం మణిపురి అంటే బెంగాలీ లిపిలో రాసేదేనంది. 2005లో మణిపురి సొంత లిపి మైతేయి మయెక్ కోసం ఆందోళన ఇంఫాల్‌లోని రాష్ట్ర గ్రంథాలయాన్ని తగలబెట్టేదాకా వెళ్లింది. ఆ తర్వాతే కింది తరగతుల నుంచి మొదలుపెట్టి పుస్తకాలు మారుతూ వచ్చాయి. 2021లో అధికార భాషా చట్టాన్నీ సవరించారు.

ఏ లిపి ఎవరికి బరువు?

బెంగాలీ లిపి పిల్లలకు బరువు. అందులో మూడు ‘స’లున్నాయి, మణిపురిలో ఉన్న ధ్వని ఒక్కటే. ఏ మాటకు ఏ ‘స’ రాయాలో బట్టీ పట్టాల్సిందే. మైతేయి మయెక్‌లో అక్షరాలు 27. వాటి పేర్లు చాలావరకు శరీర భాగాలవి: కోక్ అంటే తల, మిత్ అంటే కన్ను. పసివాడికి ఇంతకంటే తేలికైన వర్ణమాల దొరకదు.

మయెక్ పెద్దలకు బరువు. బెంగాలీ అక్షరాల్లో చదువుకున్న అమ్మ కొడుకు హోంవర్క్ చూడలేదు, తాత అలమరలోని పుస్తకాలను మనవడు చదవలేడు.

మన దగ్గర ఇలాంటి చిక్కు వచ్చిందా?

సవర భాషకు వచ్చింది. గిడుగు రామమూర్తి తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. 1936లో ఒడిశాలో మంగేయ్ గమాంగ్ 24 అక్షరాలతో సోరంగ్ సోంపెంగ్ లిపిని రూపొందించారు. అయినా ఇక్కడి ప్రభుత్వ సవర పుస్తకాలు తెలుగు అక్షరాల్లో, ఒడిశావి ఒడియా అక్షరాల్లో వచ్చాయి. అవే అక్షరాలతో తెలుగులోకి వెళ్లడం పిల్లలకు సులువైంది, నిజమే. కానీ గొంతులో గాలిని టక్కున ఆపి పలికే సవర ధ్వనికి తెలుగులో అక్షరమే లేదు. పైగా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న చుట్టాలు ఒకరి బిడ్డ పుస్తకం మరొకరు చదవలేరు. ఈ రెండో నష్టమే పెద్దదని నా అభిప్రాయం.

మరి ఇంట్లో ఏ లిపి నేర్పాలి?

రేపు బదిలీ మీద మణిపూర్ వెళితే బడిలో ఎదురయ్యేది మయెక్ కాబట్టి ముందు అదే నేర్పండి. తాతగారి పుస్తకాలు చదవాలనే కోరిక పుడితే, బెంగాలీ అక్షరాలు పదేళ్లు దాటాక నేర్పినా ఆలస్యం కాదు.