నక్షత్రాల చార్టు గోడకెక్కే ముందు

చిరంజీవి శైలజకు పెదనాన్న దీవెనలు.

నీ ఉత్తరం మొన్న అందింది. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే నాలుగో తరగతికి లైబ్రరీ పీరియడు పెట్టించావు. మీ హెడ్మాస్టరుగారిని ఎలా ఒప్పించావో గానీ నాకు సంతోషంగా ఉంది. పుస్తకం చదివిన ప్రతిసారీ ఒక నక్షత్రం, పది నక్షత్రాలు పోగైతే జామెట్రీ బాక్సు అన్నావు. చార్టు తయారైంది, సోమవారం గోడకి అంటిస్తాను అని కూడా రాశావు. ఆ చార్టుని ఓ రెండు వారాలు బీరువాలోనే ఉంచమ్మా.

ఇలాంటి పని నేనూ చేశాను. ఏడో తరగతికి తెలుగు చెప్పే రోజుల్లో, పద్యం ఒప్పజెప్పిన వాడికి రూపాయి అని ప్రకటించాను. వారం తిరక్కుండానే క్లాసంతా పద్యాలే. నేను పొంగిపోయాను. తర్వాత కాస్త నిదానంగా చూస్తే, వచ్చినవన్నీ ఆటవెలదులు, కందాలు. శార్దూలాన్నీ మత్తేభాన్నీ ఒక్కడూ ముట్టలేదు. నాలుగు పొట్టి పాదాలకీ రూపాయే, నాలుగు పొడుగు పాదాలకీ రూపాయే అయినప్పుడు పొడుగుది ఎవడు మోస్తాడు? తప్పు వాళ్ళది కాదు, బేరం నాది. దసరా సెలవుల దాకా ఎలాగో నెట్టుకొచ్చి, తర్వాత మానేశాను. అసలు దెబ్బ అప్పుడు తెలిసింది. అంతకు ముందు ఒకమ్మాయి బెల్లు కొట్టాక కూడా నా బల్ల దగ్గర నిలబడి, 'సార్, ఇంకో పద్యం చెప్పండి' అని అడిగేది. దసరా తర్వాత రావడం మానేసింది. ఏమ్మా అని అడిగితే, 'ఇప్పుడు రూపాయి లేదు కద సార్' అంది. కొంటెగా అన్నది కాదు, ఉన్న మాట చెప్పింది. రూపాయి లేనప్పుడే వచ్చిన పిల్ల, రూపాయి పోయాక రావడం మానేయడమేమిటో నాకు చాలా ఏళ్ళు అంతుపట్టలేదు.

రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే తెలిసింది, దీనికో పేరుందని: ఓవర్‌జస్టిఫికేషన్ ఎఫెక్ట్. తెలుగులో అతి సమర్థన అనుకో. ఒక పని చేయడానికి మనసులో ఒక కారణం చాలినంత ఉండగా, పైనుంచి ఇంకో కారణం తెచ్చి అతికిస్తే, మొదటిది పక్కకి జరిగిపోతుంది. దీన్ని పిల్లల దగ్గర పరీక్షించి చూసిన వాళ్ళు మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్. వాళ్ళ వ్యాసం 1973లో అచ్చయింది. అది ఎలా చేశారో నీకు కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నీ క్లాసులో నువ్వు చేయవలసిందీ దాదాపు అదే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలో బింగ్ అనే నర్సరీ బడి ఉంది. అక్కడ పిల్లలు ఆడుకునే గదికి ఒకవైపు అద్దం. లోపల ఉన్నవాళ్ళకి అద్దంలా, వెనక కూర్చున్నవాళ్ళకి కిటికీలా ఉంటుంది. ఆటల వేళ ఒక బల్ల మీద కాగితాలు, రంగురంగుల స్కెచ్ పెన్నులు పెట్టారు. బొమ్మలు వెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఎవరు తమంతట తామే వచ్చి ఎంతసేపు వేస్తున్నారో మాత్రం అద్దం వెనక నుంచి రాసుకున్నారు. అలా బొమ్మల మీద ముందే ఇష్టం ఉన్నవాళ్ళనే ఎంచుకున్నారు. చివరికి లెక్కలోకి వచ్చినవాళ్ళు 51 మంది, అందరూ మూడు నుంచి ఐదేళ్ళ వయసు వాళ్ళే.

తర్వాత ఒక్కొక్కరినీ వేరే గదికి తీసుకెళ్ళి బొమ్మలు వేయించారు. కొందరికి ముందే ఒక ప్రశంసాపత్రం చూపించారు. దాని మీద బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను, పేరు రాయడానికి ఖాళీ. బొమ్మ వేస్తే ఇది నీకే అన్నారు. ఇంకొందరికి ఏమీ చెప్పలేదు గానీ, వేయడం అయ్యాక అదే పత్రం చేతిలో పెట్టారు. మిగతావాళ్ళకి మాటా లేదు, పత్రమూ లేదు. వేసింది ఆరేసి నిమిషాలు, అంతే.

ఒకటి రెండు వారాలు ఆగి, ఆ స్కెచ్ పెన్నుల్నే మళ్ళీ ఆటగదిలో పెట్టారు. ఈసారి పత్రాల ఊసే లేదు. ఏ పత్రమూ ఎరగని పిల్లలు తమ ఆట సమయంలో 16.73 శాతం బొమ్మల దగ్గర గడిపారు. అనుకోకుండా పత్రం అందుకున్న వాళ్ళు 18.09 శాతం. ముందుగా మాట తీసుకుని వేసినవాళ్ళు మాత్రం 8.59 శాతమే. గంట ఆటలో పది నిమిషాలు బొమ్మలేసేవాడు ఐదు నిమిషాలకి దిగినట్టు. ఆ ఆరు నిమిషాల్లో వేసిన బొమ్మల్ని, ఏది ఎవరిదో తెలియని వాళ్ళకిచ్చి ఐదు మార్కులకి దిద్దించారు కూడా. పత్రం కోసం వేసినవాటికి సగటున 2.18 వచ్చింది. మిగతా రెండు జట్లకి 2.69, 2.85. పత్రం కోసం వేసినవాడు త్వరగా ముగించి పత్రం పుచ్చుకుందామనే చూశాడన్నమాట, నా ఆటవెలదుల పిల్లల్లాగే.

ఈ మూడు జట్లలో రెండో దాని దగ్గర కాసేపు ఆగు. వాళ్ళకీ అదే పత్రం, అదే రిబ్బను. అయినా వాళ్ళ ఇష్టం తగ్గలేదు. అంటే విషం బహుమతిలో లేదు, 'ఇది చేస్తే అది ఇస్తా' అనే మాటలో ఉంది. దీనికి ఆ పరిశోధకులు చెప్పిన కారణం నాకు నచ్చుతుంది. మన మనసులో ఏముందో మనకి ఎప్పుడూ నేరుగా తెలియదు. చేసిన పనిని చూసుకుని, ఇది నేనెందుకు చేసినట్టు అని లోపల ఊహించుకుంటాం. బొమ్మ వేసేటప్పుడు కళ్ళ ముందు పత్రం ఉంటే, దానికోసమే వేశానన్న జవాబు సులువుగా దొరుకుతుంది. పత్రం పని అయ్యాక వస్తే ఆ జవాబు కుదరదు, కాబట్టి నాకిష్టమై వేశానన్న మాటే నిలుస్తుంది.

ఇది పసిపిల్లల సంగతి, పెద్దవాళ్ళం మనం ఇలా మోసపోమని మీ అన్నయ్య అంటాడు. వాళ్ళ యూనిట్లో నెలంతా ఆలస్యం లేకుండా వచ్చినవాళ్ళకి బహుమతి పెడదామని ఉందనీ, నా అభిప్రాయమేమిటనీ ఫోన్లో అడిగాడు. వాడికి కూడా ఇదే చదివి వినిపించు. అమెరికాలో బట్టలుతికే పెద్ద లాండ్రీ ప్లాంట్లు నడిపే కంపెనీ ఒకటుంది. దాని ప్లాంట్లలో ఒకదానిలో మేనేజరు సరిగ్గా ఈ పథకమే పెట్టాడు. నెలంతా సమయానికి వచ్చినవాళ్ళ పేర్లు చదివి, లాటరీ తీసి, గెలిచినవాడికి గిఫ్టు కార్డు. టిమోతీ గబ్లర్, ఇయాన్ లార్కిన్, లామార్ పియర్స్ అనే ముగ్గురు ఆ కంపెనీ హాజరు లెక్కల్నీ పని లెక్కల్నీ తిరగేసి 2016లో ప్రచురించారు.

ఆలస్యాలు తగ్గిన మాట నిజం. కానీ లాటరీలో పేరు ఉన్నంతవరకే. ఆ నెలలో ఒకసారి ఆలస్యమై పేరు పోయినవాడు పాత దారికే వెళ్ళాడు. ఇంకొందరు, ఎలాగూ ఆలస్యమవుతున్నదని తెలిసిన రోజున, ఒంట్లో బాగాలేదని ఫోను చేసి అసలు రావడమే మానేశారు. అలా చేస్తే లాటరీలో పేరు చెడదు మరి! ఇదంతా తెలివితేటల ఆట, నవ్వుకోవచ్చు. నవ్వురానిది ఇంకోటి ఉంది. పథకానికి ముందు నుంచీ ఎవరూ చెప్పకుండానే వేళకి వస్తున్నవాళ్ళ పని, పథకం వచ్చాక 6 నుంచి 8 శాతం పడిపోయింది. మేం ఊరికే చేస్తున్నదానికి ఇప్పుడు ఇంకొకడికి లాటరీయా అనుకున్నారేమో. మొత్తం మీద ఆ ప్లాంటు పని 1.4 శాతం తగ్గింది, బహుమతుల ఖర్చు అదనం. కాబట్టి మీ అన్నయ్య ముందు లెక్క తీయవలసింది ఆలస్యంగా వచ్చేవాళ్ళది కాదు, ఇప్పటికే వేళకి వస్తున్నవాళ్ళు ఎంతమంది అన్నది.

అలాగని బహుమతులన్నీ చెడ్డవని అనుకోకు. ఈ విషయం మీద పండితులు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. 1999లో డెసీ, కోస్ట్‌నర్, రయాన్ 128 ప్రయోగాలు కలిపి చూస్తే తేలింది ఇదీ: ముందే చెప్పి ఆశపెట్టిన వస్తువులు ఇష్టాన్ని తగ్గిస్తాయి, అది చిన్నపిల్లల్లో మరీ ఎక్కువ. చెప్పకుండా ఇచ్చినవి అలా తగ్గించవు. బాగా చేశావనే మాట పెద్దవాళ్ళలో ఇష్టాన్ని పెంచుతుంది. ఇక అసలు ఇష్టమే లేని పని దగ్గర పోయేదేమీ లేదు. ఎక్కాలంటే పారిపోయే పిల్లవాడికి చాక్లెట్ ఆశ చూపితే మొదలైనా పెడతాడు. లెప్పర్ వాళ్ళు బొమ్మలంటే ఇష్టమున్న పిల్లల్నే ఎంచుకున్నారని చెప్పాను కదా, అది మర్చిపోకు.

అందుకే చార్టు కన్నా ముందు చూడటం. సోమవారం పీరియడులో పుస్తకాలు చాప మీద పరిచి, నువ్వు నీ నోటుబుక్కు తీసుకుని ఓ మూల కూర్చో. చదవమని చెప్పకు, ఆడుకుంటామంటే ఆడుకోనీ. ఎవరు వాళ్ళంతట వాళ్ళే పుస్తకం తీశారు, ఎంతసేపు ఉంచుకున్నారు, అది రాసుకో. మూడు పీరియడ్లు ఇలా చూస్తే క్లాసు రెండుగా విడిపోతుంది. తనంతట తీసేవాళ్ళకి నక్షత్రాలు చూపించవద్దు. వాళ్ళతో చదివినదాని గురించి మాట్లాడు చాలు. కోతి ఏం చేసిందమ్మా, నువ్వైతే ఏం చేసేదానివి, అంతే. తీయనివాళ్ళలో చాలామంది చదవడం రాక తీయరు. వాళ్ళకి కావలసింది నక్షత్రం కాదు, పక్కన కూర్చుని వేలు పెట్టి చదివించే మనిషి. ఇవన్నీ చేశాక కూడా కదలనివాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలితే, వాళ్ళకి కావాలంటే ఆశ చూపించు, కొద్దిరోజులే.

నేను చెప్పేలోపే చార్టు ఎక్కించేశావనుకో, కంగారుపడకు. పిల్లలు పుస్తకం తీసేటప్పుడు చూడు. బొమ్మ చూసి తీస్తున్నారా, లావు చూసి తీస్తున్నారా? 'ఇది లెక్కలోకి వస్తుందా టీచర్?' అనే మాట ఎన్నిసార్లు వినిపిస్తోంది? చివరి పేజీ తిప్పి కథ ముగింపు ఒప్పజెప్పేవాళ్ళు ఎందరు? చార్టు ఉన్న నెలలో ఎన్ని పుస్తకాలు చదివారన్న లెక్క మీ హెడ్మాస్టరుగారికి బాగుంటుంది గానీ నీకు ఏమీ చెప్పదు. చార్టు దించి రెండు వారాలయ్యాక, ఎవరూ ఏమీ అనని పీరియడులో ఎవరి చేయి పుస్తకం మీద పడుతుందో అదీ చెప్పేది.

జామెట్రీ బాక్సులు ఇప్పటికే కొనేశానన్నావు. ముప్పైరెండు మందికి పది బాక్సులేమిటి? మిగతా ఇరవైరెండింటి డబ్బు నేను పంపిస్తాను. సంక్రాంతి సెలవులిచ్చే రోజు సాయంత్రం, బెల్లు కొట్టే ముందు, అందరికీ ఒక్కోటి పంచిపెట్టు. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు, మీ అన్నయ్యకి కూడా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న