ఒంటరి వరుసలు, తెల్లటి ఏరులు

ప్రూఫు చూడడం అంటే అచ్చుతప్పులు ఏరడమే అనుకుంటాం. అవన్నీ పోయాక ఇంకో విడత ఉంది. అందులో చదవకూడదు, పేజీని బొమ్మలాగా చూడాలి. కంప్యూటర్ తెర మీద కాదు, కాగితం మీద ప్రింటు తీసి, పుస్తకం తెరిచినట్టే ఎడమ పేజీ, కుడి పేజీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మొదట పేజీ పైవరస, కింది వరస చూడండి. పేరా చివరి వరుస ఒక్కటే తర్వాతి పేజీ నెత్తిన పడితే దాన్ని విడో అంటారు. పేరా మొదటి వరుస ఒక్కటే పేజీ అడుగున మిగిలిపోతే ఆర్ఫన్. ఈ పేర్లను తెలుగు చేస్తే వినడానికి నాకు బాగుండదు, అందుకే తోక వరుస, తల వరుస అంటున్నాను.

ఒక లెక్క చూద్దాం. పేజీకి 30 వరుసలున్న కథల పుస్తకం. 12వ పేజీ అడుగున అయిదు వరుసల పేరా ఉంది. నాలుగు వరుసలు అక్కడే పట్టాయి, అయిదోది, అంటే "అంది అత్తయ్య." అన్న రెండు మాటలు, 13వ పేజీ పైకి వెళ్ళిపోయాయి. ఇది తోక వరుస. వర్డ్‌లో పేరాగ్రాఫ్ పెట్టెలో `Line and Page Breaks` కింద `Widow/Orphan control` టిక్ చేస్తే, నాలుగో వరుస కూడా దిగి తోకకు తోడవుతుంది. పని అయిపోయిందా? లేదు. ఇప్పుడు 12లో 29 వరుసలు, ఎదురుగా 13లో 30. పుస్తకం తెరిస్తే రెండు పేజీల అడుగులు సమంగా ఉండవు. మూడు వరుసల పేరా అయితే ఇంకా కష్టం. దాన్ని ఎలా విడగొట్టినా ఒక పక్క ఒంటరి వరుసే మిగులుతుంది కనక మొత్తం పేరా కిందికి దిగిపోతుంది, పైన రెండు వరుసల ఖాళీ కనిపిస్తుంది.

అందుకని ముందు వేరే దారి వెతకాలి. 12వ పేజీలోనే చివరి వరుసలో ఒక్క చిన్న మాట ఉన్న పేరా ఏదైనా ఉందేమో చూడండి. ఆ పేరా అక్షరాల మధ్య జాగాను 0.1 పాయింటు తగ్గిస్తే ఆ మాట పై వరుసలోకి ఎక్కచ్చు. ఒక వరుస మిగిలితే తోక తనంతట తానే 12లోకి వస్తుంది. మరీ తగ్గిస్తే ఒత్తులు పక్క అక్షరానికి తగులుతాయి, జాగ్రత్త. ఇదీ కుదరకపోతే 13వ పేజీని కూడా 29కే ఆపమని డీటీపీ చేసేవారికి అంచున రాయాలి. రెండూ సమానమైతే ఒక వరుస తక్కువైందని ఎవరికీ తెలియదు.

ఇక ఏరులు. రెండు అంచులూ సమంగా ఉండేలా పేరాను సర్దినప్పుడు, మిగిలిన జాగా మాటల మధ్యకు పంచబడుతుంది. వరుసలో 12 మిల్లీమీటర్లు మిగిలి, తొమ్మిది మాటలుంటే ఎనిమిది సందులు, ఒక్కోదానికి ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. తెలుగులో "విశ్వవిద్యాలయంలో", "చెప్పుకోవాలనుకుంటున్నాను" లాంటి పొడుగు మాటలు నాలుగే పడితే? మూడే సందులు, ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్లు పెరిగిపోతుంది. అలాంటి సందులు మూడు నాలుగు వరుసల్లో ఒకదాని కింద ఒకటి వస్తే పేరా మధ్యలో తెల్లగా ఏరు పారినట్టు ఉంటుంది. కనిపెట్టాలంటే కాగితాన్ని తలకిందులు చేసి, కళ్ళు సగం మూసి చూడండి. చదవడానికి మాట అందదు కాబట్టి తెలుపు మాత్రమే కనబడుతుంది.

మందు ఏమిటంటే, పొడుగు మాటను సరైన చోట విరవడం. "విశ్వ" తర్వాత కర్సర్ పెట్టి `Ctrl` తో హైఫన్ కొడితే, అవసరమైతేనే అక్కడ విరుగుతుంది. ఒత్తునీ దాని అక్షరాన్నీ మాత్రం విడదీయకూడదు. మాట విరవడం ఇష్టం లేకపోతే రచయితను అడిగి ఒక మాట మార్చాలి, మనమే మార్చేయకూడదు.

పద్యాలున్న పేజీల్లో ఇంకో చిక్కు. పాదం చివర `Shift+Enter` కొట్టి, అంచులు సమం చేస్తే చిన్న పాదం కూడా అంచు దాకా సాగిపోతుంది. పద్యాన్ని ఎడమ అంచుకే ఉంచాలి. పద్యం రెండు పేజీల్లోకి చీలకుండా `Keep lines together` పెట్టాలి. ఒక్కో పాదం వేరే పేరాగా టైపు చేసి ఉంటే అది పనిచేయదు, మొదటి మూడు పాదాలకూ `Keep with next` పెట్టాలి. కథ మధ్యలో వచ్చే ఉపశీర్షికకూ ఇదే.

ఒక పేజీ సర్దితే తర్వాతవన్నీ కదులుతాయి. కాబట్టి మొదటి పేజీ నుంచి వరసగా రావాలి, వెనకనుంచి కాదు. ఈ విడత మొదలయ్యాక ఎవరైనా ఒక్క మాట చేర్చినా, ఆ పేజీ నుంచి అధ్యాయం చివరిదాకా మళ్ళీ చూడాలి.