బావిలో ఎంత ఊట ఉంది? మోటారు ఆపినాక చూడాల్సిన లెక్క

కె.సి. వ్యాలీ, హెచ్.ఎన్. వ్యాలీ నీళ్లు చెరువులకు వస్తున్నప్పటి నుంచి కోలారు, చిక్కబళ్లాపురం వైపు చాలా పాత బావుల్లో మళ్లీ నీళ్లు కనపడుతున్నాయి. బావిలో నీళ్లు చూసి కొత్తగా రెండెకరాలు, మూడెకరాలు మల్బరీ నాటదామని అడిగేవాళ్లు ఎక్కువైనారు. బావిలో నిలిచిన నీళ్లు ఒక రోజు తోడితే అయిపోతాయి. తోట బతికేది ఊట మీద. ఆ ఊట ఎంతో మోటారు ఆపినాకే తెలుస్తుంది. అది ఎట్లా చూడాలో ఈసారి రాస్తున్నాము.

దీనికి కావలసింది ఒక టేపు, దాని కొనకు కట్టడానికి చిన్న బరువు, ఒక 200 లీటర్ల డ్రమ్ము, సెల్ ఫోనులో గడియారం, ఒక నోటుబుక్కు. బావి లోపలికి దిగే పని లేదు. గట్టు మీద ఒక చోట పెయింటుతో గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడి నుంచే కొలవాలి. ముందు ఒకటిన్నర, రెండు రోజులు మోటారు వేయకుండా ఉంటే నీళ్లు అసలు మట్టానికి వచ్చి నిలుస్తాయి. గంట గంటకు కొలిచినా మట్టం మారకపోతే నిలిచినట్టు.

లెక్కకు ఒక బావి తీసుకుందాము. గుండ్రటి బావి, అడ్డం 20 అడుగులు. గుర్తు నుంచి నీళ్లు 22 అడుగుల కింద ఉన్నాయి, అడుగు 36 దగ్గర. ఈ బావిలో ఒక అడుగు ఎత్తు నీళ్లంటే 314 ఘనపు అడుగులు, అంటే సుమారు 8,900 లీటర్లు. చదరపు బావి అయితే పొడవును వెడల్పుతో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే ఒక అడుగుకు లీటర్లు వస్తాయి. మెట్ల బావులు కిందికి పోయేకొద్దీ ఇరుకవుతాయి. అట్లాంటి చోట పైకొలత ఒకటే పట్టుకుని లెక్క వేస్తే నీళ్లు ఎక్కువ చూపిస్తుంది.

తెల్లవారి మోటారు వేసి, నీళ్లు 32 అడుగులకు దిగేదాకా తోడినాము. కింది నాలుగడుగులు ఫుట్‌వాల్వుకు, బురదకు వదిలేయాలి, లేకుంటే మోటారు గాలి పీల్చుకుంటుంది. తోడేటప్పుడు మొదట్లో, మధ్యలో, చివర్లో డ్రమ్ము నింపి చూస్తే 24, 25, 26 సెకన్లు పట్టింది. మట్టం దిగేకొద్దీ మోటారు కొంచెం తక్కువ పోస్తుంది, కాబట్టి మూడుసార్లు చూడడం మంచిది. సగటున సెకనుకు 8 లీటర్లు. 3 గంటల 28 నిమిషాలు నడిచింది, బయటికి వచ్చింది సుమారు 99,800 లీటర్లు. బావిలో తగ్గింది 10 అడుగులు, అంటే 89,000. మిగిలిన 11 వేల లీటర్లు తోడుతూ ఉండగానే ఊరినవి.

మోటారు ఆపినాక అసలు పని మొదలు. గంటకు నీళ్లు 31 అడుగుల 4 అంగుళాలకు వచ్చినాయి, 5 గంటలకు 29 అడుగుల ఒక అంగుళానికి, 10 గంటలకు 27కు, 20 గంటలకు 24న్నరకు, 30 గంటలకు 23 అడుగుల 3 అంగుళాలకు.

చాలామంది మొదటి గంట చూసి లెక్క వేసేస్తారు. 8 అంగుళాలు లేచింది, అంటే 5,900 లీటర్లు, 24 గంటలకు లక్షా 42 వేలు అని. అది తప్పు. ఈ బావిలో మొదటి 24 గంటల్లో నిజంగా లేచేది 8 అడుగుల కొద్దిగా పైన, 72 వేల లీటర్లు మాత్రమే. ఎందుకంటే బావి ఖాళీగా ఉన్నప్పుడు చుట్టూ భూమిలోని నీళ్లు ఎత్తు మీద ఉండి జోరుగా తోస్తాయి. బావి నిండేకొద్దీ ఆ తేడా తగ్గి ఊట మెల్లగా వస్తుంది. కొలతలు మళ్లీ చూడండి. 10 గంటల్లో లోటు పదడుగుల నుంచి అయిదుకు వచ్చింది, ఇంకో 10 గంటల్లో రెండున్నరకు, ఇంకో 10 గంటల్లో ఒకటింపావుకు. అంటే ఈ బావి సగం లోటు తీర్చుకునే టైము 10 గంటలు. మీ బావికి అది 6 కావచ్చు, 30 కావచ్చు. బావి పూర్తిగా నిండడానికి ఎన్ని రోజులు అని అడిగేదానికంటే ఈ సగం టైము తెలుసుకోవడమే మేలు.

దీంతో ఒక లాభం ఉంది. రోజుకు ఒకేసారి తోడి 20 గంటలు వదిలితే ఏడున్నర అడుగులు లేస్తుంది. తోడేటప్పుడు ఊరేది కలిపి రోజుకు 77 వేల లీటర్లు వస్తాయి. అదే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండు గంటల లోపే నడిపి, మధ్యలో పది పది గంటలు వదిలితే ప్రతిసారీ అయిదడుగులు. తోడేటప్పుడు ఊరేది కలిపి రోజుకు లక్షా 6 వేలు. అదే బావి, అదే మోటారు. త్రీఫేజు కరెంటు రెండు పూటలు ఇచ్చే ఊర్లలో ఇది వీలవుతుంది, ఒకే పూట ఇచ్చే చోట తక్కువ లెక్కే పెట్టుకోవాలి.

అన్ని బావులూ ఇట్లా సగం సగం నడవవు. కొన్నింటిలో ఊట ఒకటే రాతి చీలిక నుంచి పడుతుంది. నీళ్లు ఆ చీలిక కిందికి పోయినాక ఇంకెంత తోడినా ఊట పెరగదు, గంటకు ఒకే లెక్కన లేస్తుంది. చీలిక మునిగినాకే నిదానమవుతుంది. అట్లాంటి బావిని చీలిక కిందికి లోతుగా తోడడం వల్ల కరెంటు ఖర్చే గాని ఊట పెరగదు.

కొలత చెడిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. తోడిన నీళ్లు బావి పక్క కాలువలోనే పోనిస్తే అవే మళ్లీ బావిలోకి దిగుతాయి, ఊట బాగున్నట్టు కనపడుతుంది. దూరంగా పైపు వేసి వదలాలి. ఇంకోటి పక్క పొలం బోరు. రాత్రి లేచే నీళ్లు ఉన్నట్టుండి ఆగితే ముందు ఆ బోరు నడుస్తోందా అని అడగండి. వాన పడిన రోజు కొలతను కొట్టేయండి.

ఇక ఎకరాల లెక్క. ఒక ఎకరాలో ఒక అంగుళం మందం నీళ్లు పారించడానికి సుమారు 1,03,000 లీటర్లు కావాలి. కాలువ పారకంలో పది రోజులకోసారి రెండంగుళాలు ఇస్తామనుకుంటే ఎకరాకు రెండు లక్షలు. జనవరిలో ఈ బావి కొలిస్తే ఒక పూట తోడకానికి నాలుగెకరాల దగ్గర, రెండు పూటలకు అయిదెకరాలు వస్తుంది. ఈ లెక్క చూసి నాటవద్దు.

ఏప్రిల్‌లో చెరువు ఎండి, నిలిచే మట్టం 28 అడుగులకు దిగిందనుకోండి. తోడగలిగేది 32 దాకానే, అంటే పదడుగులకు బదులు నాలుగు. సగం టైము అదే 10 గంటలు ఉన్నా నీళ్లు పదింట నాలుగు వంతులే: ఒక పూటకు 31 వేలు, రెండు పూటలకు 42 వేలు. అది ఎకరంన్నర, మహా అంటే రెండెకరాలు. పై ఊట చీలికలు ఎండిపోతే ఇంకా తక్కువ. పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు కరకరా మేసే వారంలో తోట వాడిపోతే బయట ఆకు కొనాల్సి వస్తుంది, ఎండాకాలంలో అదీ దొరకదు. అందుకే బావిని రెండుసార్లు కొలవాలి, జనవరిలో ఒకసారి, ఏప్రిల్ చివర్లో ఒకసారి. నాటే ఎకరాలు ఏప్రిల్ కొలతను బట్టి పెట్టుకోండి. జనవరిలో మిగిలే నీళ్లకు పశువుల మేతో, కూరగాయలో వేసుకోవచ్చు.