వృద్ధాప్య పింఛను: అర్హత తేల్చేది ఏ కాగితం?

వృద్ధాప్య పింఛను దరఖాస్తు తిరస్కరించారని తెలియగానే చాలా కుటుంబాలు తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి ఇంకో ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకుంటాయి. దాన్ని జతచేసి మళ్లీ దరఖాస్తు పెడితే మళ్లీ అదే జవాబు వస్తుంది. తమ పేదరికాన్ని అధికారులు నమ్మలేదని వాళ్లు బాధపడతారు. నిజానికి అక్కడ పేదరికాన్ని ఎవరూ కొలవలేదు. ఆధార్ నంబరు ఆధారంగా కొన్ని ప్రభుత్వ రికార్డులు వెతికారు, వాటిలో ఒకచోట కలిమికి గుర్తుగా భావించే నమోదు ఒకటి దొరికింది, దరఖాస్తు ఆగిపోయింది. ఆ నమోదు తప్పైతే దాన్ని సరిచేయించే కాగితమే పింఛను తెస్తుంది. కొత్త ఆదాయ పత్రం ఎన్నిసార్లు తెచ్చినా ఆ పని జరగదు. ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ భరోసా పింఛను నిబంధనలను దగ్గరగా చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

ఈ పింఛనుకు లబ్ధిదారు ముందుగా చందా ఏదీ కట్టనక్కర్లేదు. ఉద్యోగుల పింఛను, భవిష్య నిధి లాంటివాటికీ దీనికీ తేడా అదే. దేశవ్యాప్తంగా ఇది 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంతో మొదలైంది. కేంద్రం తన వాటాగా 60 నుంచి 79 ఏళ్లవారికి నెలకు 200, 80 దాటినవారికి 500 రూపాయలు ఇస్తుంది. మిగతా భారమంతా రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. వయసు 60 నిండాలి, గిరిజనులకు 50 చాలు. అర్హత షరతులు మాత్రం చాలావరకు 2019 డిసెంబరు మార్గదర్శకాలు, వాటి తర్వాతి సవరణల నుంచి వచ్చినవే. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి అయితే మూడు ఎకరాల లోపు, మెట్ట అయితే పది ఎకరాల లోపు, రెండూ కలిపినా పది ఎకరాలు మించకూడదు. ఇంట్లో ఎవరి పేరునా కారు ఉండకూడదు. ట్యాక్సీకి, ఆటోకి, ట్రాక్టరుకి మినహాయింపు ఉంది. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు ఇందులోనూ మినహాయింపు ఉంది. నెలకు వాడే కరెంటు 300 యూనిట్లు దాటకూడదు. పట్టణంలో సొంత కట్టడం ఉంటే అది 1,000 చదరపు అడుగుల లోపే ఉండాలి.

ఈ షరతుల్లో ఆదాయాన్ని నేరుగా అడిగేది మొదటిది ఒక్కటే. మిగతావన్నీ ఆదాయం ఎంతో చెప్పకుండానే ఊహించే గుర్తులు. ఇందులో తప్పేమీ లేదు. కూలికి వెళ్లేవారికి, కౌలు చేసేవారికి జీతం స్లిప్పు ఉండదు. వాళ్ల ఆదాయ ధ్రువపత్రం కూడా చివరికి ఎవరో చేసిన అంచనాయే. అందుకే ప్రభుత్వం పొలం, మీటరు, బండి, ఉద్యోగం వంటి కంటికి కనిపించేవాటిని చూస్తుంది. అయితే అవన్నీ వేర్వేరు శాఖల దస్త్రాల్లో ఉంటాయి. రెవెన్యూ వెబ్‌ల్యాండ్‌లో పొలం, విద్యుత్తు పంపిణీ సంస్థ దగ్గర మీటరు, రవాణా శాఖ దగ్గర బండి. ఆ శాఖలేవీ పేదరికాన్ని తేల్చడానికి ఈ దస్త్రాలను తయారుచేసుకోలేదు. బిల్లు వసూలుకు పెట్టుకున్న దస్త్రంలో మీటరు ఎవరి పేరున ఉన్నా శాఖకు నష్టం లేదు. అదే నమోదు పింఛను తేల్చే దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్ల నోటికాడి కూడు ఆపేస్తుంది.

పొలం సంగతే తీసుకుందాం. 66 ఏళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయన 1-బీలో 3 ఎకరాల 40 సెంట్ల మాగాణి కనిపిస్తోంది. పరిమితి మూడెకరాలు కాబట్టి దరఖాస్తు తిరస్కరించారు. కానీ అందులో 80 సెంట్లు ఏనాడో కూతురి పెళ్లికి రిజిస్టరు చేసి అమ్మేశాడు. కొన్నవాళ్లు మ్యుటేషన్ చేయించుకోలేదు. అంటే ఆయన దగ్గర నిజంగా మిగిలింది 2 ఎకరాల 60 సెంట్లు, ఆయన అర్హుడే. ఇక్కడ పనికొచ్చేవి అమ్మకం దస్తావేజు ధ్రువీకృత నకలు, ఆ సర్వే నంబరుకు తీసిన ఈసీ, తాజా 1-బీ, అడంగల్. వాటితో మ్యుటేషన్‌కు దరఖాస్తు చేయాలి. 1971 నాటి భూమి హక్కుల చట్టం కింద తహసీల్దారు ఇచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు. 1-బీ మారాకే పింఛను దరఖాస్తు మళ్లీ పెట్టాలి. అదే రైతుకు రెండున్నర ఎకరాల మాగాణి, ఆరెకరాల మెట్ట ఉంటే మొత్తం ఎనిమిదిన్నర. అప్పుడు ఏ కాగితమూ అక్కర్లేకుండానే అర్హుడు. కష్టమల్లా అన్నదమ్ములు, కొడుకులు పెద్దమనుషుల మధ్య నోటిమాట మీద పంచుకున్న పొలాలతో వస్తుంది. పంపకం ఊరందరికీ తెలుసు, రికార్డులో మాత్రం ఎకరాలన్నీ తండ్రి ఖాతాలోనే ఉంటాయి. పంపకాన్ని దస్తావేజుగా రాసి రిజిస్టరు చేయించి, ఎవరి వాటా వాళ్ల ఖాతాలోకి ఎక్కించుకునేదాకా ఆ తండ్రి రికార్డు ప్రకారం అనర్హుడే.

కరెంటు మీటరు లెక్క ఇంకా చిత్రంగా తప్పుతుంది. తాతల నాటి ఇల్లు మూడు వాటాలైంది, ముగ్గురు అన్నదమ్ములు కాపురాలు ఉంటున్నారు. మూడు మీటర్లూ పెద్దాయన పేరునే ఉన్నాయి, మూడింటికీ ఆయన ఆధారే కలిసి ఉంది. ఆయన వాటాలో 90 యూనిట్లు, తమ్ముళ్ల వాటాల్లో 120, 110. మూడూ కలిపితే 320. ఆయన ఇంట్లో వాడేది 90 యూనిట్లే అయినా తిరస్కరణ కాగితంలో 300 దాటిందని వస్తుంది. దీనికి మూడు సర్వీసు నంబర్ల బిల్లులూ పట్టుకుని విద్యుత్తు సెక్షన్ కార్యాలయానికి వెళ్లాలి. వాటాల ఇంటి పన్ను రసీదులు, పంపకం పత్రం చూపించి రెండు సర్వీసులను తమ్ముళ్ల పేర్లకు మార్పించాలి. కనీసం వాటికి కలిసిన ఆధార్‌నైనా మార్పించాలి. ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోవాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ రెండు వాటాల్లో ఉన్నది అద్దెకున్నవాళ్లైతే మీటరు సమస్య తీరినా వచ్చే అద్దె కుటుంబ ఆదాయంలోకి వస్తుంది. దాన్ని దాచి అర్జీ పెట్టడం మంచిది కాదు.

కారు విషయంలోనూ ఇదే తీరు. కొడుకు పాత కారు అమ్మేసి చేతులు దులుపుకుంటాడు, ఆర్‌సీ మాత్రం అతని పేరునే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఆదాయపు పన్ను దగ్గర ఇంకో గందరగోళం ఉంది. బ్యాంకు అప్పు కోసమో, టీడీఎస్ వెనక్కి రావడానికో రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. నిబంధన అడ్డుకునేది పన్ను కట్టినవారిని. కట్టాల్సిన పన్ను సున్నా అని చూపే రిటర్ను అక్నాలెడ్జ్‌మెంట్ ఇక్కడ రుజువు. పెళ్లై వేరు కాపురం పెట్టిన కొడుకు ఉద్యోగం తల్లిదండ్రుల పింఛనుకు అడ్డొస్తోందంటే సచివాలయం వారి హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో అతను ఇంకా వాళ్లతోనే ఉన్నాడో లేదో చూడాలి. ఉంటే అతని పెళ్లి ధ్రువపత్రం, కొత్త చిరునామాతో ఉన్న ఆధార్ ఇచ్చి విడదీయమని అడగాలి.

వయసు రుజువు మరోరకం చిక్కు. పింఛనుకు చూసేది ఆధార్‌లోని పుట్టిన తేదీని. చాలామంది పెద్దలకు ఆధార్ తీసినప్పుడు ఏ పత్రమూ లేక నోటితో చెప్పిన వయసే రాశారు. పింఛను కోసం ఆధార్‌లో వయసు పెంచుకుని వచ్చేవాళ్లు కొందరు ఉంటారు గనుక, గతంలో ఏం మార్చారో చూపే అప్‌డేట్ హిస్టరీని అధికారులు అడుగుతారు. వయసు నిజంగా తక్కువ పడి ఉంటే పుట్టిన ధ్రువపత్రం, చదువుకున్నవారైతే పదో తరగతి సర్టిఫికెట్టు వంటి పత్రం పెట్టి సరిచేయించుకోవాలి. సాధారణంగా పుట్టిన తేదీని మార్చుకోవడానికి ఉండేది ఒక్కసారే. అందుకని పత్రం చేతిలో లేకుండా ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ అవకాశాన్ని పోగొట్టుకోవద్దు.

ఇంత కట్టుదిట్టంగా లేకపోతే ఉన్నవాళ్లే పింఛను ఎగరేసుకుపోతారని కొందరంటారు. ఆ భయం న్యాయమైనదే, వడపోత ఉండాలి. తెలంగాణ ఆసరా మార్గదర్శకాలు 2014లో దీనికి మరో దారి పట్టాయి. మూడెకరాల మాగాణి, ఏడున్నర ఎకరాల మెట్ట హద్దులతో పాటు జీవన శైలిని చూసి అనర్హులని తేల్చే అధికారాన్ని కూడా తనిఖీ అధికారికి ఇచ్చాయి. రికార్డు తప్పితే సరిచేసే కాగితం ఉంటుంది, అధికారి చూపు తప్పితే ఏ కాగితంతో సరిచేస్తాం? అందుకే నా మటుకు రికార్డు ఆధారంగా తేల్చడమే మేలు. కాకపోతే ఏ శాఖ ఏ నమోదు వల్ల తిరస్కరించిందో దరఖాస్తుదారుకు చెప్పి తీరాలి. పిల్లలకు సంపాదన ఉంటే వాళ్లే పోషించాలి, ప్రభుత్వం ఎందుకివ్వాలి అన్నది రెండో అభ్యంతరం. పిల్లల బాధ్యతకు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉంది, దాని ట్రైబ్యునల్ ముందు మనోవర్తి అడగవచ్చు. కానీ కొడుకు సంపాదిస్తున్నాడంటే తల్లికి అన్నం పెడుతున్నాడని అర్థం కాదు. వేరు కాపురం ఉన్న కొడుకు జీతాన్ని తల్లి చేతిలోని డబ్బుగా లెక్కగట్టడం రానిదాన్ని వచ్చినట్టు రాసుకోవడమే.

చట్టం మన వైపు ఎంతవరకు ఉంది? రాజ్యాంగం 41వ అధికరణ వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం గురించి చెబుతుంది గానీ అది ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకెళ్లలేం. అయితే ప్రభుత్వం ఒకసారి పథకం పెట్టి షరతులు రాశాక వాటిని అందరికీ ఒకేలా వర్తింపజేయాలని 14వ అధికరణ కట్టడి చేస్తుంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వులో జాతీయ వృద్ధాప్య పింఛను ప్రతి నెలా 7వ తేదీలోగా అందాలని కూడా చెప్పింది. వస్తున్న పింఛనును ఆపేటప్పుడు ముందు నోటీసు, సంజాయిషీకి అవకాశం ఇవ్వడం సహజ న్యాయం.

కనుక తిరస్కరించారని చెప్పగానే సచివాలయంలో కారణం రాసిన కాగితం అడగండి. అందులో ఏ శాఖ రికార్డు పేరు ఉందో ఆ శాఖ కార్యాలయానికే ముందు వెళ్లండి, అర్జీకి రసీదు తీసుకోండి, నమోదు మారిన ప్రతితో పింఛను దరఖాస్తు మళ్లీ పెట్టండి. కారణం చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. అయినా కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని పెడతారు. ఫోను నంబరు 15100.