మొదటి వారం: తాళంచెవులు, హాజరు పట్టీ, బెంచీలు

చిట్యాల మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలకు కొత్తగా వెళ్లారు, నాలుగో తరగతి మీకిచ్చారు అనుకుందాం. బడి జూన్ 12న తెరిచారు. చార్టులు కొనడానికి అప్పుడే నల్లగొండ బస్సెక్కకండి. ముందు తాళంచెవులు అడగండి.

1. తాళాలు. ప్రతి చెవినీ దాని తాళంలో పెట్టి తిప్పి చూడండి. ఎండాకాలమంతా కదలని తాళానికి రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేస్తే చాలు. చెవికి తెల్ల ప్లాస్టర్ చుట్టి ‘గది’, ‘బీరువా’ అని రాసి, రెండో జత హెడ్‌మాస్టరుకు ఇవ్వండి. బీరువా తెరిచి, సామాను లెక్కపెట్టాకే ఛార్జి లిస్టు మీద సంతకం చేయండి. కొత్తలో నేను చూడకుండా చేశాను. లిస్టులో రెండు గ్లోబులు, బీరువాలో ఒకటే. రెండోది ఏదని ఏడాది చివర నన్నే అడిగారు.

2. హాజరు పట్టీ. పోయినేడాది పట్టీ చూసి పేర్లు ఎక్కించొద్దు. ప్రమోషన్ లిస్టునూ అడ్మిషన్ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టుకుని, ముందు తెల్లకాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన అడ్మిషన్ నంబరు ఉండాలి. మూడో తరగతి నుంచి 23 మంది పైకొచ్చారు, ఇద్దరు టీసీ తీసుకున్నారు, ముగ్గురు కొత్తగా చేరారు. అంటే 24. కొత్తవాళ్లలో ఒక పాప, పని కోసం వలసొచ్చిన వాళ్ల బిడ్డ, టీసీ లేకుండా వచ్చింది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. ముందు అడ్మిషన్ రిజిస్టరులో ఎక్కించమని హెడ్‌మాస్టరును అడిగి, ఆ నంబరుతో మీ పట్టీలో రాసుకోండి. నంబరు గడి ఖాళీగా ఉందంటే, పిల్ల గదిలో ఉన్నా బడి లెక్కలో లేనట్టే.

రాని పిల్లలకు పేరు పిలిచినప్పుడే గుర్తు పెట్టండి. తప్పు పడితే ఒక గీత కొట్టి పొట్టి సంతకం చేయండి, వైట్‌నర్ వద్దు.

3. కూర్చునే పట్టీ. ఇద్దరేసి కూర్చునే 12 బెంచీలు. పైన నల్లబల్ల గీసి, కింద గళ్లు గీసి, పెన్సిలుతో పేర్లు రాసి తేదీ వేయండి. రెండు రోజులు వాళ్లిష్టం వచ్చినట్టు కూర్చోనిచ్చి, ఎవరు ఎవరి పక్కన చేరుతున్నారో చూడండి. మూడో రోజు బోర్డు మీద ఒక వాక్యం రాసి, అందరినీ చూసి రాయమనండి. వెనక బెంచీ పిల్లాడు బోర్డు వదిలి పక్కవాడి పలకలోకి చూస్తుంటే, చదువు రాదని అప్పుడే అనుకోకండి. ముందు బెంచీకి మార్చి ఇంకో వాక్యం రాయించండి. అక్కడ సరిగ్గా రాస్తే చూపు సమస్య కావచ్చు, ఇంట్లోవాళ్లకు చెప్పాలి. కిటికీ వెలుగు బోర్డు మీద పడి మెరుస్తోందా అన్నది ఆ సీట్లో మీరు కూర్చుంటేనే తెలుస్తుంది.

4. సుద్దముక్కలు, డస్టర్, స్కెచ్‌పెన్నులకు నోటుబుక్కులో ఒక పేజీ చాలు: తేదీ, వచ్చినవి, వాడినవి, మిగిలినవి.

5. చార్టులు చివర్న. వానలకు గోడ చెమ్మగిల్లితే టేపు ఊడుతుంది. పిల్లల కంటి ఎత్తున సుతిలి తాడు కట్టి బట్టల క్లిప్పులతో తగిలించండి.

శనివారం మూడు లెక్కలు పక్కపక్కన పెట్టండి. హాజరు పట్టీలో 24, బెంచీల పటంలో 24, పంచిన పుస్తకాల జతలు 25. ఆ ఒక్కటి, మొదటిరోజు వచ్చి మర్నాడు టీసీ తీసుకున్న పిల్లాడి దగ్గరుంది.